తట్టు టీకా వేసిన ఎనిమిదో రోజున జ్వరం ఎందుకు వస్తుంది?

తట్టు టీకా వేయించిన రోజున బిడ్డ సూది నొప్పికి కాసేపు ఏడ్చి ఊరుకుంటుంది. ఆ రాత్రి గాని, మర్నాడు గాని, మూడో రోజు గాని ఏ తేడా కనిపించదు. ఇంట్లోవాళ్ళు టీకా సంగతి దాదాపు మరిచిపోయాక, ఏడో రోజుకో ఎనిమిదో రోజుకో ఒళ్ళు కాలిపోవడం మొదలవుతుంది. మొదటి మోతాదు తీసుకున్న పిల్లల్లో నూటికి ఐదు నుంచి పదిహేను మందికి ఇలా 103 డిగ్రీల ఫారెన్‌హీట్, ఒక్కోసారి అంతకు పైన కూడా జ్వరం వస్తుంది. నూటికి ఐదుగురికి సన్నటి ఎర్రని దద్దురు లేస్తుంది. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో రెండూ తగ్గిపోతాయి. అయినా ఆ ఒకటి రెండు రోజులూ తల్లిదండ్రుల మనసులో ఒకే ప్రశ్న తిరుగుతుంది: టీకా బిడ్డకు పడలేదా? పడకపోతే మొదటి రోజే తెలియాలి కదా, వారం తరవాత ఎందుకు? ఈ వారం రోజుల ఆలస్యంలో ఒంట్లో ఏం జరిగిందో వరసగా చూస్తే, టీకా ఎలా పనిచేస్తుందో కూడా దానంతట అదే అర్థమవుతుంది.

ముందుగా సూదిలో ఏముందో తెలుసుకోవాలి. తట్టు టీకాలో ఉండేది బతికున్న తట్టు వైరస్సే, కాకపోతే బలహీనపరచినది. 1954లో బోస్టన్‌లో జాన్ ఎండర్స్, థామస్ పీబుల్స్ అనే పరిశోధకులు తట్టు సోకిన ఒక బాలుడి రక్తం నుంచి ఈ వైరస్‌ను వేరుచేశారు. దాన్ని మొదట మనిషి కణాల్లో, ఆ తరవాత కోడి పిండపు కణాల్లో, ఒక తరం నుంచి మరో తరానికి మార్చుతూ పదుల సార్లు పెంచారు. కోడి కణాల్లో బతకడానికి అలవాటు పడేకొద్దీ ఆ వైరస్, మనిషి ఒంట్లో విజృంభించే శక్తిని కోల్పోతూ వచ్చింది. అలా తయారైన మొదటి టీకాకు 1963లో అనుమతి వచ్చింది. అయితే అది చాలామంది పిల్లలకు గట్టి జ్వరం తెచ్చేది. 1968లో మారిస్ హిల్‌మన్ ఆ వైరస్‌ను మరిన్నిసార్లు కోడి కణాల్లో పెంచి ఇంకా మెత్తబరిచాడు. ఈనాడు వాడే టీకాలు చాలావరకు ఆనాటి బాలుడి నుంచి తీసిన వైరస్‌కు వారసులే. ఒక మోతాదులో, అంటే అర మిల్లీలీటరులో, కనీసం వెయ్యి సజీవ వైరస్ కణాలు ఉండాలన్నది ప్రమాణం. ఒంట్లో ఉండే కోటానుకోట్ల కణాలతో పోలిస్తే ఇది అతి చిన్న సంఖ్య. అవి లోపల కొంచెం పెరిగితే తప్ప శరీరం వాటిని పట్టించుకోదు. అందుకే వాటిని చంపకుండా బలహీనపరిచి వదులుతారు.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. టీకా బిడ్డ ఒంట్లో కొత్త శక్తిని నింపదు. తట్టు వైరస్‌ను గుర్తుపట్టగల కణాలు, ఆ వైరస్ ఒంట్లోకి ఎప్పుడూ రాకముందే, బిడ్డ రక్తంలో ఉంటాయి. రోగనిరోధక వ్యవస్థలో టీ కణాలు, బీ కణాలు అని రెండు రకాల తెల్ల రక్తకణాలు ఉన్నాయి. ఒక్కో కణం పైన ఒక్కో ఆకారంలో పట్టుకొనే భాగం ఉంటుంది. ఆ ఆకారాన్ని నిర్ణయించే జన్యువుల ముక్కలు కణం పుట్టేటప్పుడు ఇష్టమొచ్చినట్లు కలగలిసి అతుక్కుంటాయి గనుక, కోట్ల కొద్దీ వేరువేరు ఆకారాలు తయారవుతాయి. వాటిలో సొంత శరీరాన్నే గట్టిగా పట్టుకొనేవాటిని శరీరం చాలావరకు ముందే ఏరిపారేస్తుంది. మిగిలినవాటిలో దాదాపు ఏ సూక్ష్మజీవికైనా అతికే కణాలు కొన్ని యాదృచ్ఛికంగా ఉండనే ఉంటాయి. వచ్చిన చిక్కల్లా సంఖ్యతోనే. ఒక వైరస్‌లోని ఒక నిర్దిష్టమైన ముక్కకు సరిగ్గా అతికే కణం లక్షకొకటో పది లక్షలకొకటో ఉంటుంది. తట్టు వంటి రోగం మీద పడినప్పుడు ఆ కొద్ది కణాలను వెతికి, పెంచి, పనికి సిద్ధం చేయడానికి వారం పది రోజులు పడుతుంది. వైరస్ ఆ వ్యవధిలోనే ఒళ్ళంతా పాకుతుంది. టీకా ఆ వెతుకులాటను, ఆ పెంపకాన్ని, ప్రమాదం లేని సమయంలో ముందుగానే జరిపిస్తుంది.

సూది వేసిన చోట చర్మం కింద మొదటి రెండు మూడు రోజుల్లో జరిగేది ఇదీ. అక్కడ కాపలా తిరిగే డెండ్రైటిక్ కణాలు బలహీన వైరస్‌ను మింగుతాయి, కొన్నిటికి ఆ వైరస్ సోకుతుంది కూడా. ఆ కణాలు ఉన్నచోట ఉండిపోకుండా శోషరస నాళాల గుండా దగ్గరి లింఫ్ గ్రంథికి చేరుకుంటాయి. చంకలో, గజ్జల్లో, మెడ పక్కన చిక్కుడు గింజంత పరిమాణంలో తగిలే బిళ్ళలు అవే. లక్షకో పది లక్షలకో ఒకటిగా ఉన్న ఆ అరుదైన కణాలు రక్తంతో పాటు ఒంట్లో తిరుగుతూ ఒక్కో గ్రంథిలో కొన్ని గంటలు ఆగి పోతుంటాయి. డెండ్రైటిక్ కణం వైరస్‌ను ముక్కలు చేసి, ఆ ముక్కలను తన పైపొర మీద ప్రదర్శిస్తూ అక్కడే నిలబడుతుంది. వేల కణాలు దాన్ని తాకి, అతకక, వెళ్ళిపోతాయి. అతికినది మాత్రం ఆగుతుంది. ఇంత జరుగుతున్నా బిడ్డ మామూలుగానే ఆడుకుంటూ ఉంటుంది, ఎందుకంటే ఇప్పటికి పనిలోకి దిగినవి పిడికెడు కణాలు మాత్రమే.

ఆగిన టీ కణం విభజన చెందడం మొదలుపెడుతుంది. ఊపందుకున్నాక రోజుకు రెండు మూడు సార్లు రెట్టింపవుతుంది. అలా నాలుగైదు రోజులు గడిస్తే ఒక్క కణానికి వేల వారసులు తయారవుతాయి. అదే వ్యవధిలో టీకా వైరస్ కూడా నెమ్మదిగా పెరుగుతూ కొద్ది మోతాదులో రక్తంలోకి వస్తుంది. ఏడో రోజు నుంచి పన్నెండో రోజు లోపు ఈ రెండూ ఎదురుపడతాయి. పెరిగిన టీ కణాలు గ్రంథుల నుంచి బయటికి వచ్చి, వైరస్ సోకిన కణాలను వెతికి చంపుతాయి. ఆ పోరులో వెలువడే రసాయన సంకేతాలు మెదడులో ఉష్ణోగ్రతను నిర్ణయించే కేంద్రానికి చేరి దాని హద్దును పైకి జరుపుతాయి. ఎనిమిదో రోజు జ్వరం అదే. చర్మంలో వైరస్ ఉన్న చోటికి టీ కణాలు చేరినప్పుడు దద్దురు లేస్తుంది. ఈ రెంటినీ తెచ్చేది చాలావరకు బిడ్డ సొంత కణాల ప్రతిస్పందనే. ఈ దద్దురు నుంచి పక్క పిల్లలకు తట్టు అంటుతుందేమోనని భయపడనక్కర లేదు. టీకా వైరస్ ఒకరి నుంచి మరొకరికి సోకినట్లు నిర్ధారణ అయిన సందర్భం ఒక్కటీ లేదు. జ్వరం రాని పిల్లల్లో టీకా పనిచేయలేదని కూడా అనుకోకూడదు. ఎక్కువమందిలో ఈ పని అంతా పైకి తెలియకుండానే జరిగిపోతుంది.

టీ కణాలు ఎంత ముఖ్యమో పుట్టుకతో లోపాలున్న పిల్లలను గమనించి వైద్యులు తెలుసుకున్నారు. యాంటీబాడీలు, అంటే వైరస్‌కు అతుక్కొని దాన్ని అడ్డుకునే ప్రోటీన్లు, తయారుచేసుకోలేని పిల్లలకు తట్టు వస్తే, అది చాలావరకు అందరికీ తగ్గినట్లే తగ్గింది. టీ కణాలు సరిగా లేని పిల్లలకు మాత్రం ఒక్కోసారి దద్దురే లేవలేదు, కాని వైరస్ అదుపు తప్పి ఊపిరితిత్తులను ప్రాణాంతకంగా దెబ్బతీసింది. సోకిన వైరస్‌ను తుడిచిపెట్టేది టీ కణాలు. అసలు సోకకుండా ముందే అడ్డుకునేది బీ కణాల నుంచి వచ్చే యాంటీబాడీలు. టీకా ఈ రెండు పనులకూ కణాలను సిద్ధం చేయాలి.

బీ కణాల కథ మరికొంత దీర్ఘమైనది. జ్వరం తగ్గాక టీకా పని అయిపోయిందని మనకు అనిపిస్తుంది గాని, లింఫ్ గ్రంథుల్లో అసలైన నాణ్యమైన పని జరిగేది ఆ తరవాతి వారాల్లోనే. వైరస్‌కు అతికిన బీ కణాలు గ్రంథిలో గుంపులుగా చేరి విభజన చెందుతూ, ప్రతి విభజనలోనూ తమ పట్టుకొనే భాగంలో చిన్న చిన్న మార్పులు తెచ్చుకుంటాయి. ఏ మార్పు మంచిదో ముందుగా ఎవరికీ తెలియదు. ఎక్కువ మార్పులు పట్టును చెడగొడతాయి, కొన్ని మాత్రమే బిగిస్తాయి. గ్రంథిలో దాచి ఉంచిన వైరస్ ముక్కలను గట్టిగా పట్టుకోగలిగిన కణాలకే టీ కణాల సాయం అందుతుంది, మిగిలినవి అక్కడే చనిపోతాయి. ఏటేటా మంచి కంకుల గింజలనే విత్తనానికి ఉంచుకొనే రైతు పద్ధతి ఇది. కొన్ని వారాలు ఇలా గడిచేసరికి మొదట్లో వదులుగా అతికిన కణాల స్థానంలో వైరస్‌ను బిగించి పట్టే కణాలు మిగులుతాయి. టీకా వేసిన పన్నెండు నుంచి పదిహేను రోజులకు రక్తంలో యాంటీబాడీలు కనిపించడం మొదలై, మూడు నాలుగు వారాలకు అత్యధిక స్థాయికి చేరతాయి.

ఈ ఎంపిక సరిగా జరగకపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ తట్టు టీకా చరిత్రలోనే ఉంది, దాన్ని తల్లిదండ్రుల దగ్గర దాచకూడదని నేను నమ్ముతాను. 1963లోనే సజీవ టీకాతో పాటు, ఫార్మలిన్ అనే రసాయనంతో చంపిన వైరస్‌తో తయారైన మరో టీకా కూడా అమెరికాలో వాడకంలోకి వచ్చింది. చచ్చిన వైరస్ కణాల్లోకి దూరి పెరగలేదు గనుక సోకిన కణాలను చంపే టీ కణాలు సరిగా సిద్ధం కాలేదు. యాంటీబాడీలు పుట్టాయి గాని వాటి పట్టు బిగుసుకోలేదు, ఎక్కువ కాలం నిలవలేదు కూడా. ఆ పిల్లల్లో కొందరికి కొన్నేళ్ళ తరవాత నిజమైన తట్టు తగిలినప్పుడు, ఎక్కువ జ్వరంతో, న్యుమోనియాతో, అసాధారణమైన రూపంలో రోగం వచ్చింది. ఆ టీకాను 1967లో ఉపసంహరించారు. ఈనాటి తట్టు టీకా అది కాదు, ఆనాటి సజీవ టీకాను మెత్తబరిచిన రూపం. వైరస్‌ను చంపి తయారుచేసిన టీకాలన్నీ పనికిరావని కూడా దీని అర్థం కాదు. పోలియోకు అలాంటి టీకా బాగా పనిచేస్తోంది. ఏ రోగానికి ఎలాంటి ఎంపిక కావాలో దాన్నిబట్టి టీకా ఉండాలి, అంతే.

ఎంపిక ముగిశాక మిగిలేవి రెండు రకాలు. ఒక రకం ప్లాస్మా కణాలు. ఇవి ఎముక మూలుగలోకి వెళ్ళి స్థిరపడి, ఒక్కొక్కటి సెకనుకు వేల యాంటీబాడీలను రక్తంలోకి వదులుతూ ఏళ్ళ తరబడి ఉంటాయి. ఒక యాంటీబాడీ సగటు ఆయుష్షు కొన్ని వారాలకు మించదు, అయినా టీకా రక్షణ దశాబ్దాలు నిలుస్తోందంటే కారణం ఈ కణాలు తయారీని ఆపకపోవడమే. రెండో రకం జ్ఞాపక కణాలు. ఇవి ఏమీ తయారుచేయకుండా గ్రంథుల్లోనూ రక్తంలోనూ వేచి ఉంటాయి. నిజమైన తట్టు వైరస్ వచ్చిన రోజున లక్షల్లో ఒకదాన్ని వెతుక్కోవలసిన పని ఉండదు, ఎందుకంటే ఇప్పుడు అలాంటి కణాలు ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్నాయి, పైగా ఎంపికలో నెగ్గినవి. వారం పట్టిన పని రెండు మూడు రోజుల్లో మొదలైపోతుంది, సాధారణంగా రోగ లక్షణం ఒక్కటీ బయటపడదు.

ఇంతవరకూ చెప్పినది మనసులో ఉంటే, తల్లిదండ్రులు తరచు అడిగే రెండు ప్రశ్నలకు జవాబు సులువుగా దొరుకుతుంది. పుట్టగానే ఈ టీకా ఎందుకు వేయరు అన్నది మొదటిది. గర్భం చివరి నెలల్లో తల్లి యాంటీబాడీలు మావి గుండా బిడ్డకు చేరతాయి. అవి బిడ్డ సొంతంగా చేసుకున్నవి కావు, నెలలు గడిచేకొద్దీ తరిగిపోతాయి. అవి మెండుగా ఉన్నప్పుడు టీకా వేస్తే, వెయ్యి బలహీన వైరస్‌లనూ పెరగకముందే పట్టేస్తాయి. గ్రంథికి చేరవలసిన సరుకు చేరదు, ఎంపిక జరగదు. అందువల్ల తట్టు ఎక్కువగా తిరిగే చోట్ల తొమ్మిది నెలలకు, తక్కువగా ఉన్నచోట్ల ఏడాది నిండాక మొదటి మోతాదు ఇస్తారు. తొమ్మిది నెలలకు వేస్తే నూటికి దాదాపు 85 మందిలో, ఏడాది నిండాక వేస్తే దాదాపు 93 మందిలో రక్షణ ఏర్పడుతుంది. ఎక్కువమందిలో పనిచేస్తుందని ఏడాది దాకా ఆగడమా, ఆ లోపు రోగం తగలకుండా ముందే వేయడమా అన్నది ఆ ప్రాంతంలో రోగం ఎంత తిరుగుతోందో చూసి తీసుకొనే నిర్ణయం.

రెండో ప్రశ్న రెండో మోతాదు గురించి. దీన్ని చాలామంది మొదటిదాని బలం పెంచేదిగా భావిస్తారు. ధనుర్వాతం వంటి టీకాల విషయంలో ఆ మాట సరైనదే. తట్టు టీకాలో మాత్రం రెండో మోతాదు ముఖ్యంగా మొదటిసారి ఏ కారణం వల్లనైనా ఎంపిక మొదలుకాని పిల్లల కోసం. తల్లి యాంటీబాడీలు మిగిలి ఉండడం, మందు ఎండకో వేడికో గురై వైరస్‌లు చచ్చిపోవడం వంటివి ఆ కారణాలు. ఆ పిల్లలెవరో పైకి చూసి చెప్పలేం గనుక అందరికీ రెండోసారి వేస్తారు. రెండు మోతాదుల తరవాత నూటికి సుమారు 97 మందికి రక్షణ ఉంటుంది. మొదటిదానితోనే రక్షణ వచ్చిన బిడ్డలో రెండోసారి వచ్చిన వైరస్‌ను యాంటీబాడీలు వెంటనే పట్టేస్తాయి, అందుకే రెండో మోతాదుకు జ్వరం రావడం బాగా తక్కువ.

రోగం వచ్చి తగ్గితే వచ్చే రక్షణ ఇంకా సహజమైనది, గట్టిది కదా అనే మాట కూడా వినిపిస్తుంది. తట్టు వచ్చి బతికినవారికి తట్టు మళ్ళీ రాదన్నది నిజమే. కాని అసలు తట్టు వైరస్ లోపలికి రావడానికి వాడుకొనే కణాల్లో జ్ఞాపక కణాలూ ఉన్నాయి. వాటిని చంపి, బిడ్డ అంతవరకూ ఇతర రోగాల మీద సంపాదించుకున్న రక్షణను చెరిపేస్తుంది. 2019లో వెలువడిన ఒక పరిశోధనలో, టీకా వేయించుకోని పిల్లల రక్తాన్ని తట్టు రాకముందు, వచ్చి తగ్గిన తరవాత పరీక్షించి పోల్చగా, ఇతర సూక్ష్మజీవుల మీద వారికున్న యాంటీబాడీల రకాల్లో 11 నుంచి 73 శాతం దాకా మాయమయ్యాయని తేలింది. టీకా పొందిన పిల్లల్లో ఇలాంటి నష్టం కనిపించలేదు.

ఇక జ్వరం వచ్చిన రోజున ఇంట్లో ఏం చేయాలన్నది. బిడ్డ బరువును బట్టి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ ఇచ్చి, పాలు, నీళ్ళు తరచుగా పట్టిస్తే చాలు. మూడు నాలుగు వేల మోతాదులకు ఒకసారి ఈ జ్వరం వల్ల ఫిట్స్ వస్తాయి. చూడడానికి చాలా భయం గొలిపే సంఘటన అది, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అయితే ఏ కారణంతో వచ్చిన గట్టి జ్వరంలోనైనా ఆ వయసు పిల్లల్లో కొందరికి ఇలా జరుగుతుంది, ఇవి మెదడుకు శాశ్వత హాని చేయవు. టీకాను పదిహేను నెలలు దాటేదాకా వాయిదా వేస్తే ఈ ప్రమాదం తగ్గదు సరికదా, కొంత పెరుగుతుంది.

జ్వరం ఎప్పుడు వచ్చిందన్నది గమనించడం అన్నిటికన్నా ఉపయోగకరం. సూది వేసిన కొన్ని నిమిషాల్లో ఒంటినిండా దద్దుర్లు, ఆయాసం, ముఖం వాపు వస్తే అది తీవ్రమైన అలెర్జీ. లక్షల మోతాదుల్లో ఎక్కడో ఒకసారి జరిగే ఈ అపాయం కోసమే, టీకా వేశాక కాసేపు అక్కడే కూర్చోమంటారు. అక్కడ దానికి వెంటనే ఇచ్చే ఇంజక్షన్ ఉంటుంది. ఒకటి రెండు రోజుల లోపు గట్టి జ్వరం, వాంతులు, విరేచనాలు కలిసి వస్తే, కలిపిన మందులో బాక్టీరియా చేరిందేమోనని అనుమానించాలి. పొడిగా వచ్చే ఈ టీకాను ద్రావకంతో కలిపిన తరవాత ఆరు గంటలకు మించి వాడకూడదన్న నియమం అందుకే ఉంది. సీసా ఎప్పుడు కలిపారని అడగడానికి మొహమాటపడవద్దు. చాలా సీసాల మీద వేడిని పసిగట్టే ఒక గుర్తు కూడా ఉంటుంది, ఒక వలయం మధ్యలో చిన్న చతురస్రం. చతురస్రం రంగు వలయం కన్నా లేతగా ఉంటే మందు వేడికి చెడలేదని అర్థం. పన్నెండు రోజుల తరవాత మొదలైన జ్వరానికి, లేదా మూడు రోజులు దాటినా తగ్గని జ్వరానికి కారణం వేరే ఉండవచ్చు, దాన్ని టీకా ఖాతాలో వేసి ఊరుకోకుండా డాక్టరుకు చూపించాలి.

జలుబు, కొద్దిపాటి దగ్గు ఉన్నాయని టీకా ఆపనక్కర లేదు. ఆపవలసిన సందర్భాలు వేరే ఉన్నాయి. క్యాన్సర్ మందుల వల్ల గాని పుట్టుకతో గాని రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్న బిడ్డలో బలహీన వైరస్‌ను సైతం అదుపు చేసే టీ కణాలు ఉండకపోవచ్చు. ఇటీవల రక్తం గాని ఇమ్యునోగ్లోబ్యులిన్ గాని ఎక్కించిన బిడ్డలో దాతల యాంటీబాడీలు, తల్లి యాంటీబాడీల్లాగే టీకాను పనిచేయనివ్వవు, కొన్ని నెలలు ఆగాలి. ఇలాంటివి ఉంటే సూది వేయకముందే చెప్పాలి.

టీకా పడని బిడ్డ ఇప్పటికే తట్టు రోగి దగ్గర గడిపిందని తెలిసినా, ఇక ఆలస్యమైపోయిందని వదిలేయకూడదు. గాలి ద్వారా వచ్చిన వైరస్ ఊపిరితిత్తుల మీదుగా గ్రంథులకు చేరి ఒళ్ళంతా పాకడానికి పది రోజుల దాకా పడుతుంది. చర్మం కింద వేసిన టీకా ఆ దారిలో కొంత భాగాన్ని తప్పించి నేరుగా పని మొదలుపెడుతుంది గనుక, ఆ కలయిక జరిగిన 72 గంటల లోపు వేస్తే రోగాన్ని ఆపే అవకాశం, కనీసం తేలికపరిచే అవకాశం ఉంటుంది. టీకా వేసే వయసు రాని పసిబిడ్డకైతే ఆరు రోజుల లోపు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇస్తారు. దాంతో వచ్చే రక్షణ కొద్ది నెలలకే తరిగిపోతుంది కాబట్టి, డాక్టరు చెప్పిన వ్యవధి ఆగి, ఆ తరవాత టీకా వేయించాలి.